‘ఏదో తక్కువైంది’ అన్న మాటను సవరణ పాయింట్లుగా మార్చడం ఎలా

మా స్టూడియోలో క్లయింటుకూ, డిజైనర్‌కూ, రైటర్‌కూ మధ్య మాట మోసే పని నాది. గోదావరి వైపు నుంచి పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడ అరకిలో ఆవకాయ సీసాకి లేబుల్ చేయించుకున్నారు. రెండో డ్రాఫ్ట్ పంపిన మర్నాడు పొద్దున్నే ఆవిడ దగ్గర్నుంచి వాయిస్ నోట్ వచ్చింది.

“బాగానే ఉందమ్మా, కానీ ఏదో తక్కువైంది. డల్‌గా ఉంది. రిచ్‌గా అనిపించట్లేదు. పేరు ఇంకా హైలైట్ అవ్వాలి, పెద్దది చెయ్యండి. వెనకాల మేటర్ ఎక్కువైపోయింది, చదువుతుంటే మన మాటలా కూడా లేదు. మా అబ్బాయి కూడా అదే అన్నాడు.”

దీన్ని ఉన్నదున్నట్టు డిజైనర్‌కి ఫార్వర్డ్ చేస్తే, అతను పేరు పెద్దది చేస్తాడు, ఎరుపు ఇంకాస్త పెంచుతాడు, అంచుకి బంగారు రంగు గీత పెడతాడు. రైటర్ రెండు వాక్యాలు కొట్టేస్తుంది. మూడో డ్రాఫ్ట్ వెళ్తుంది, “ఇంకా ఏదో తక్కువైంది” అని మళ్లీ వాయిస్ నోట్ వస్తుంది. ఈ ఒక్క లేబుల్‌నే పట్టుకుని, ఆ మాటల్లోంచి పని చేయదగ్గ పాయింట్లు ఎలా తీశామో వరసగా చెప్తాను.

1. ముందు మాట మార్చకుండా రాసుకోండి

వాయిస్ నోట్ అయినా, ఫోన్ అయినా, క్లయింట్ అన్న మాటలు అన్నట్టే కాగితం మీద పెట్టాలి. “డల్‌గా ఉంది” అంటే “రంగులు మార్చమన్నారు” అని రాసుకోకూడదు. రంగుల మాట ఆవిడ అనలేదు, మనం అనుకున్నాం. ఒక్కో మాట ఒక్కో వరసలో రాసి, పక్కన మూడు విషయాలు చేర్చండి: ఎవరన్నారు, ఏ డ్రాఫ్ట్ చూసి అన్నారు, ఎక్కడ చూసి అన్నారు.

మూడోది చాలామంది అడగరు. నేను అడిగాను. ఆవిడ మా పీడీఎఫ్‌ని వీధి చివర జిరాక్స్ షాపులో మామూలు కాగితం మీద ప్రింట్ తీయించి, సీసాకి అతికించి, వంటింటి అరలో వేరే కంపెనీ సీసా పక్కన పెట్టి చూశారట. వాళ్లబ్బాయి మాత్రం వాట్సాప్‌లో వచ్చిన బొమ్మని ఫోన్లో చూశాడు. అంటే ఇద్దరూ చూసింది ఒకే డిజైన్ అయినా, ఒకే వస్తువు కాదు. “మా అబ్బాయి కూడా అదే అన్నాడు” అన్న మాటకి ఉన్న బరువు ఇక్కడ సగం తగ్గిపోయింది. ఫోన్లో చూసిన మనిషికి సీసా గుండ్రం తెలియదు, మామూలు కాగితం మీద చచ్చిపోయిన రంగూ తెలియదు.

2. ఇబ్బందిని, మందుని విడదీయండి

క్లయింట్ మాటలో రెండు రకాలుంటాయి. ఒకటి వాళ్లకి తగిలిన ఇబ్బంది. రెండోది ఆ ఇబ్బందికి వాళ్లు ఊహించిన మందు. “పేరు హైలైట్ అవ్వాలి” ఇబ్బంది, “పెద్దది చెయ్యండి” మందు. ఇబ్బంది విషయంలో క్లయింట్ మాటని నమ్మాలి, ఎందుకంటే ఆ సీసా ముందు నిలబడి చూసింది వాళ్లు. మందు విషయంలో మాత్రం కారణం తెలిసేదాకా ఆగాలి. పేరు కనబడకపోవడానికి అక్షరం చిన్నదవ్వడం ఒక్కటే కారణం కాదు.

ఆవిడ మాటల్ని అలా విడదీస్తే మా కాగితం మీద ఐదు ఇబ్బందులు మిగిలాయి: డల్‌గా ఉంది, రిచ్‌గా లేదు, పేరు కొట్టొచ్చినట్టు కనబడట్లేదు, వెనక మేటర్ ఎక్కువ, ఆ మాట మన మాటలా లేదు. మందు ఒక్కటే: పేరు పెద్దది చేయడం. “ఏదో తక్కువైంది” అన్నదాన్ని విడిగా లెక్కపెట్టలేదు. చాలాసార్లు అది తర్వాత రాబోయే మాటలకి ముందుమాట. మిగతావి తేలాక అది దానంతటదే పోతుంది, పోకపోతే అప్పుడు చూడొచ్చు.

3. మూడు ప్రశ్నలు చాలు, అవి కూడా చోటు గురించి

“ఎందుకు నచ్చలేదండీ?” అని అడగొద్దు. అలా అడిగితే మనిషి తన అభిప్రాయాన్ని సమర్థించుకోవాల్సి వస్తుంది, లేని కారణం ఒకటి పుట్టుకొస్తుంది. “మీకెలా కావాలో చెప్పండి” అన్నా లాభం లేదు. ఎలా కావాలో తెలిస్తే ఆవిడ మన దగ్గరికి వచ్చేవారే కాదు. కన్ను ఎక్కడ తట్టుకుందో, దేనితో పోల్చారో అడిగితే జవాబు తేలిగ్గా వస్తుంది.

నేను ఫోన్ చేసి అడిగినవి ఇవి.

“సీసా అరలో పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగితే, మొదట ఏం కనబడుతోందండీ?”

“మామిడికాయ బొమ్మ. పేరు సగమే కనబడుతోంది, అటూ ఇటూ తిప్పితే గానీ చదవలేం.”

“పక్కన పెట్టిన సీసాలో మీకు రిచ్‌గా అనిపించిందేమిటి?”

“అందులో ఏమీ లేదమ్మా, పేరు, ముక్క బొమ్మ, అంతే. నీట్‌గా ఉంది.”

“వెనకున్న మాటలు ఒకసారి నాకు పైకి చదివి వినిపిస్తారా? ఎక్కడ ఎబ్బెట్టుగా ఉంటే అక్కడ ఆపండి.”

మూడో ప్రశ్నకి ఆవిడ రెండు చోట్ల ఆపారు. ఎక్కడెక్కడో కింద చెప్తాను. ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలనిపిస్తుంది, కానీ మూడు దాటితే ఎదుటివాళ్లు ఆలోచించకుండా జవాబులు చెప్పడం మొదలుపెడతారు.

మాటల్లో చెప్పలేని క్లయింట్లు ఉంటారు. వాళ్లకి ఒకే ఒక్క విషయంలో తేడా ఉన్న రెండు నమూనాలు పంపండి. రంగు తేడా అయితే రంగు ఒక్కటే, అక్షరం తేడా అయితే అక్షరం ఒక్కటే. రంగూ, అక్షరమూ, బొమ్మా మూడూ మార్చి “ఏది బాగుంది?” అని అడిగితే, ఎంచుకున్నది ఎందుకు ఎంచుకున్నారో ఎవరికీ తెలియదు.

4. కారణం మీరే వస్తువు మీద వెతకండి

పాయింట్ రాసే ముందు ఈ మెట్టు ఎక్కి తీరాలి. క్లయింట్ చూసినట్టే మనమూ చూడాలి. అదే కొలతలో ప్రింట్ తీసి అదే సీసాకి అతికించాం.

పేరు సంగతి అప్పుడే తేలింది. సీసా వ్యాసం 85 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత సుమారు 267. అంత చుట్టులో ఎదురుగా నిలబడి హాయిగా చదవగలిగేది మూడో వంతు కూడా ఉండదు. కంపెనీ పేరు రెండు పదాలు. డిజైనర్ వాటిని ఒకే వరసలో 125 మిల్లీమీటర్ల వెడల్పున పరిచాడు. స్క్రీన్ మీద చదునుగా చూస్తే అద్భుతంగా ఉంది. సీసాకి చుట్టేసరికి మొదటి అక్షరం, చివరి అక్షరం పక్కలకి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆవిడ అడిగినట్టు ‘పెద్దది’ చేస్తే ఏమవుతుంది? పేరు ఇంకా వెడల్పై, ఇంకో రెండక్షరాలు కనబడకుండా పోతాయి. అడిగిన మందు వేస్తే జబ్బు పెరిగే చోటిది. పదాలు రెండూ ఒకదాని కింద ఒకటి పెట్టి, ఒక్కో పదాన్ని 75 మిల్లీమీటర్లకి సాగదీస్తే వెడల్పు తగ్గుతుంది, అక్షరం మాత్రం పావు వంతు పెరుగుతుంది. ఒక్కో పదం మునుపు 60 మిల్లీమీటర్ల చోటులో ఇరుక్కుని ఉండేది మరి.

రెండు వరసలు అనగానే తెలుగుకి ఒక జాగ్రత్త కావాలి. పై వరస ఒత్తులు కింద వరస గుడిదీర్ఘాలకి తగులుతాయి. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయే వరసల ఎడం తెలుగుకి చాలదు. అందుకని పాయింట్‌లో “ఒత్తు, గుడి తగలకూడదు” అని కూడా రాశాను. లేకపోతే తర్వాతి విడతలో “పేరు ఇరుగ్గా ఉంది” అని ఇంకో వాయిస్ నోట్ వచ్చేది.

‘డల్’ అన్నదాని కథ వేరు. మామూలు కాగితం మీద రంగుకి మెరుపు రాదు, అందుకే జిరాక్స్ షాపు ప్రింట్‌లో ఎరుపు చాలాసార్లు చచ్చిపోయినట్టు ఉంటుంది. లేబుల్ అచ్చయ్యేది నున్నటి పూత ఉన్న క్రోమో స్టిక్కర్ మీద, పైన మెరిసే గ్లాసీ లామినేషన్‌తో. మా డిజైన్ ఎంత డల్‌గా ఉందో తెలియాలంటే అదే స్టిక్కర్ మీద ఒక నమూనా తీయాలి. అది తీసేదాకా ‘డల్’ అన్నది సవరణ పాయింట్ కాదు, పరీక్ష మాత్రమే. ఇది తెలియక రంగు పెంచితే, అసలు స్టిక్కర్ మీదకి వచ్చేసరికి అది కళ్లలో గుచ్చుకుంటుంది.

అయినా ‘డల్’ మొత్తం కాగితం తప్పే కాదు. ముందు వైపు ‘ఆవకాయ’ అన్న మాట ముదురు ఎరుపు మీద నల్లగా ఉంది. కంప్యూటర్‌లో ఆ ఎరుపు కోడ్ #8B0000. స్క్రీన్ మీద చదివే అక్షరాలకి, వెనకున్న రంగుకి మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5 ఉండాలని, వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెప్తుంది. పెద్ద అక్షరాలకైతే 3 చాలు. ఆ ఎరుపు మీద నలుపుకి వచ్చేది సుమారు 2.1. అదే ఎరుపు మీద తెలుపైతే 10. ప్రమాణం స్క్రీన్ కోసం పెట్టినదే అయినా, అచ్చులో కూడా ఇది మంచి గుర్తు. ఇంత పెద్ద తేడాని కన్ను ‘డల్’ అని పిలిచింది. పేరు పెట్టడం రాలేదు గానీ, ఆవిడ పట్టుకున్నది నిజమైన లోపమే.

‘రిచ్’ అన్న మాటకి ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. ఒకరికి బంగారు రంగు, ఇంకొకరికి ఖాళీ. ఆవిడ నోటే “అందులో ఏమీ లేదు, నీట్‌గా ఉంది” అని వచ్చింది కాబట్టి ఇక్కడ ఖాళీయే. మా లేబుల్ ముందు వైపు ఏమేం ఉన్నాయో లెక్కపెట్టాం: కంపెనీ పేరు, ఆవకాయ, ముక్క బొమ్మ, శాకాహార గుర్తు, బరువు, ఆకుల అంచు, మిరపకాయల గుత్తి, ఒక నినాదం, ‘స్వచ్ఛం’ అన్న ముద్ర, వెబ్‌సైట్, ఆఫర్ బిళ్ల. పదకొండు. పక్క సీసా మీద ఐదే. ఆ పోలిక అడగకపోయి ఉంటే మేం బంగారు గీత వేసి పన్నెండు చేసేవాళ్లం.

5. రైటర్‌కి వెళ్లే పాయింట్ చాలాసార్లు ఒక ప్రశ్న

“ఫీల్ లేదు”, “డ్రైగా ఉంది”, “మన మాటలా లేదు” అన్నవి వింటే విశేషణాలు పెంచాలనిపిస్తుంది. నా అనుభవంలో అక్కడ తక్కువైంది విశేషణం కాదు, సంగతి. వెనక వైపు మా రైటర్ రాసింది ఇది:

“అత్యున్నత నాణ్యతా ప్రమాణాలతో, ఎంపిక చేసిన మామిడికాయలతో తయారుచేయబడిన మా ఆవకాయ మీకు మరపురాని రుచిని అందిస్తుంది.”

పైకి చదువుతూ ఆవిడ ఆపింది ‘అత్యున్నత నాణ్యతా ప్రమాణాలతో’ దగ్గర, ‘తయారుచేయబడిన’ దగ్గర. ఈ వాక్యం ఏ పచ్చడి సీసా మీద అతికించినా సరిపోతుంది. మామిడికాయ అన్న మాట తీసేస్తే సబ్బుకి కూడా పనికొస్తుంది. అదీ అసలు లోపం. అప్పుడు అడిగాను: “కొనేవాళ్లు ఫోన్ చేసి మీ ఆవకాయ ప్రత్యేకత ఏంటని అడిగితే ఏం చెప్తారండీ?”

“ముక్క టెంకతో కొట్టిస్తాం కదమ్మా, ఏడాదైనా మెత్తబడదు. కలిపిన మూడో రోజు మళ్లీ తిరగకలిపి, ఉప్పు చూసుకుని, అప్పుడే సీసాల్లోకి ఎత్తుతాం.”

రైటర్‌కి కావలసిన మేటరంతా ఇందులోనే ఉంది. “ఇంకాస్త ఫీల్ రావాలి” అని కాకుండా, “టెంక ఉన్న ముక్క, మూడో రోజు తిరగకలపడం, ఈ రెండు సంగతులు ఉండాలి; ‘బడిన’ క్రియ ఉండకూడదు; ఫోన్లో చెప్పినట్టు ఉండాలి; రెండు వాక్యాలు” అని పాయింట్ వెళ్లింది. ఆమె రాసింది: “ముక్క టెంకతో కొట్టిస్తాం, మెత్తబడదు. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, అప్పుడే సీసాకి ఎత్తుతాం.”

‘ఏడాదైనా’ అన్న మాట కావాలనే వదిలేసింది. లేబుల్ మీద ‘ఇంత కాలంలోగా వాడాలి’ అన్న తేదీ వేరే ఉంటుంది, దానికి విరుద్ధంగా మేటర్ మాట్లాడకూడదు. అలాగే వాళ్లబ్బాయి ‘సంప్రదాయ’, ‘సహజ’ అన్న పదాలు పెట్టమన్నాడు. ఆహార పదార్థాల మీద ఆ పదాలు ఎప్పుడు వాడొచ్చో, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనల్లో షరతులున్నాయి. కాబట్టి అది రైటర్ ఇష్టానికి వదిలే పాయింట్ కాదు, లైసెన్స్ పని చూసే మనిషిని అడిగి తేల్చాల్సింది.

‘మేటర్ ఎక్కువైంది’ దగ్గర కూడా ఇదే జాగ్రత్త. వెనక వైపున్న మాటల్ని రెండు రంగుల పెన్నులతో గీశాం. దినుసుల పట్టిక, పోషకాల పట్టిక, 14 అంకెల లైసెన్స్ నంబరు, తయారీదారు చిరునామా, ధర, తేదీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు: ఇవి చట్టం అడిగేవి, తీయడానికి లేదు. మిగిలింది మనం రాసింది. అది 62 పదాలుంది. తగ్గించగలిగింది అక్కడే. ఈ విభజన చేయకుండా “మేటర్ తగ్గించండి” అని పంపితే, డిజైనర్ చట్టం అడిగేవాటి అక్షరాన్ని చిన్నది చేసేస్తాడు. బరువు అంకెలకైతే ఎత్తు ఇంత ఉండాలని నిబంధనే ఉంది.

6. పాయింట్ రాయండి

ఒక్కో పాయింట్‌లో నాలుగు ఉండాలి: ఏ చోట, ఇప్పుడేముంది, ఏం మారాలి, మారిందని ఎలా తెలుస్తుంది. నాలుగోది లేకపోతే అది పాయింట్ కాదు, కోరిక. మేం పంపిన కాగితం ఇలా ఉంది, ‘డి’ ఉన్నవి డిజైనర్‌కి, ‘ర’ ఉన్నది రైటర్‌కి:

డి1. ముందు వైపు, కంపెనీ పేరు. ఇప్పుడు ఒకే వరస, 125 మి.మీ. రెండు వరసలు చేసి, ఏదీ 75 మి.మీ. దాటకుండా పెట్టాలి. ఒత్తు, గుడి తగలకూడదు. పరీక్ష: సీసాకి చుట్టి నాలుగడుగుల నుంచి తిప్పకుండా పూర్తిగా చదవగలగాలి.

డి2. ముందు వైపు మొత్తం. ఇప్పుడు పదకొండు అంశాలు. పేరు, ఆవకాయ, ముక్క బొమ్మ, శాకాహార గుర్తు, బరువు మాత్రమే ఉంచాలి. వెబ్‌సైట్ వెనక్కి, మిగతావి తీసేయాలి. పరీక్ష: లెక్కపెడితే ఐదు.

డి3. ‘ఆవకాయ’ అన్న మాట. ముదురు ఎరుపు మీద నలుపు. తెలుపు చేయాలి, ఎరుపు మార్చొద్దు. పరీక్ష: క్రోమో స్టిక్కర్ నమూనా మీద పగటి వెలుగులో చూడాలి.

ర1. వెనక వైపు, మనం రాసిన భాగం. ఇప్పుడు 62 పదాలు. టెంక, మూడో రోజు కలపడం ఉండేలా రెండు వాక్యాలు, 20 పదాల లోపు. పరీక్ష: క్లయింట్ పైకి చదివితే ఎక్కడా ఆగకూడదు.

మార్చనివి: వెనక వైపు చట్టం అడిగే భాగం, ముక్క బొమ్మ, ఎరుపు రంగు.

‘మార్చనివి’ అన్న చివరి వరస చిన్నదే గానీ, దాన్ని వదలొద్దు. డిజైనర్ కూర్చున్నాక చేతికి తగిలినవన్నీ సరిచేయాలనిపిస్తుంది. అలా మారిన బొమ్మకి మళ్లీ కొత్త అభిప్రాయం వస్తుంది, విడత పెరుగుతుంది.

పాయింట్ డిజైనర్ చేతులు కట్టేసేంత బిగుతుగానూ ఉండకూడదు. డి1లో ఏ ఫాంటో, ఏ సైజో రాయలేదు. హద్దు చెప్పాం, ఎలా చేరాలో అతని పని. “రామభద్ర ఫాంట్, 48 పాయింట్లు” అని రాస్తే అతను అలాగే చేస్తాడు, తప్పైతే బాధ్యత మనది.

7. పని మొదలుపెట్టే ముందు క్లయింటుకి తిప్పి పంపండి

ఈ కాగితమే, పక్కన ఆవిడ అన్న మాట పెట్టి పంపాం. “పేరు పెద్దది చెయ్యండి అన్నారు, సీసా గుండ్రం వల్ల పేరు పక్కలకి పోతోంది, అందుకని రెండు వరసలు చేస్తున్నాం, అక్షరం కూడా పెరుగుతుంది” అని ఒక్కో దానికి ఒక వాక్యం. తను చెప్పిన మందు ఎందుకు వేయట్లేదో చెప్పకపోతే, విన్పించుకోలేదనుకుంటారు. సీసా ఫొటో ఒకటి జతచేస్తే వాదన అక్కరుండదు.

ఆవిడ ఒప్పుకున్నారు. వాళ్లబ్బాయి డి2 దగ్గర పట్టుబట్టాడు, ఆఫర్ బిళ్ల ఉండాల్సిందేనని. ఇద్దరు రెండు మాటలు చెప్పినప్పుడు మధ్యేమార్గం వెతికి సగం బిళ్ల పెట్టకండి. “ఆఖరి మాట ఎవరిదండీ?” అని మర్యాదగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఆవిడ తనదే అన్నారు. ఆఫర్ ఉన్న నెలల్లో మూత మీద విడి స్టిక్కర్ వేద్దామని మేం చెప్పాం, అబ్బాయికి అదీ నచ్చింది, ఎందుకంటే ఆఫర్ అయిపోయాక లేబుళ్లు మిగిలిపోవు.

8. తిరిగొచ్చినప్పుడు

మూడో డ్రాఫ్ట్‌తో పాటు అవే నంబర్లు మళ్లీ పంపండి, ఒక్కో దాని ఎదురుగా ‘అయింది’ అనో, ‘కాలేదు, ఎందుకంటే’ అనో రాసి. ఫైల్ పేరులో విడత నంబరు ఉండాలి, avakaya_500g_V3.pdf లాగా. ‘final’, ‘final2’ అని పెడితే ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో వారంలో తెలియకుండా పోతుంది. పీడీఎఫ్‌ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే నాణ్యత తగ్గి, చిన్న అక్షరాల గురించి లేని ఫిర్యాదు వస్తుంది. “ఎలా ఉంది?” అని అడగకుండా “డి1, డి2, డి3, ర1 చూసి ఒక్కో దానికి సరే, కాదు చెప్పండి” అని అడగండి.

మూడు ‘సరే’లు వచ్చాయి. డి3 మాత్రం ఆవిడ ఆపారు, స్టిక్కర్ నమూనా చూశాక చెప్తానని. నమూనా తీయించి ఆటోలో పంపాం, సాయంత్రానికి ఒప్పుకున్నారు. మొదటి మాట ‘ఏదో తక్కువైంది’ మళ్లీ రాలేదు.

అది మళ్లీ వచ్చే సందర్భాలూ ఉంటాయి. పాయింట్లన్నీ ‘సరే’ అయి, పరీక్షలన్నీ నెగ్గి, అయినా మనసుకి పట్టట్లేదంటే లోపం డ్రాఫ్ట్‌లో లేదు. ఎవరికి అమ్మాలి, ఎక్కడ అమ్మాలి అన్నది మొదట్లో సరిగా తేలలేదన్నమాట. ఊళ్లో కిరాణా కొట్టు అరకి చేసిన లేబుల్‌ని, ఈ మధ్యలో వాళ్లు అమెరికాలో ఉన్నవాళ్లకి పంపే పెట్టెలకి అనుకోవడం మొదలుపెట్టి ఉండొచ్చు. అప్పుడు నాలుగో విడత సవరణలు రాయకుండా, పనిని ఆపి ఆ సంగతే అడగాలి. జవాబు మారితే అది కొత్త పని. దాని గంటలు, దాని రేటు వేరేగా రాసి పంపాకే మళ్లీ ఫైల్ తెరవండి.